బరువు తగ్గితే గురక పోతుంది సరే, గురక బరువు తగ్గనిస్తేగా!

గురక పెడుతున్నానని డాక్టరు దగ్గరికి వెళ్ళిన లావుపాటి మనిషికి మొదట వినిపించే మాట ఒకటే. "బరువు తగ్గండి, అదే పోతుంది." ఇంట్లో వాళ్ళూ అదే అంటారు, పెళ్ళిలో పక్క మంచం మీద పడుకున్న చుట్టాలూ మర్నాడు పొద్దున అదే అంటారు. ఈ సలహాలో అబద్ధం లేదు. ఇబ్బందల్లా ఏమిటంటే, రాత్రంతా ఊపిరి ఆగుతూ లేస్తూ నిద్రపోయిన మనిషికి పగలు ఆకలి పెరుగుతుంది, ఒళ్ళు కదలదు. అలాంటివాడిని ముందు బరువు తగ్గి రమ్మంటే, ఏడాది తర్వాత ఇంకో మూడు కిలోలు పెరిగి వస్తాడు. వచ్చినప్పుడు మళ్ళీ అదే చీవాట్లు.

దీనికి సరిగ్గా ఎదురు మాట ఈమధ్య యూట్యూబులో వినిపిస్తోంది. నిద్ర బాగుచేసుకుంటే బరువు దానంతటదే కరిగిపోతుందట. నిద్రలో గాలి ఊదే మెషిన్ ముక్కుకు పెట్టుకుంటే చాలట. ఇది మొదటి సలహా కంటే ఇంకా దారి తప్పిన మాట. ఎందుకంటే ఆ మెషిన్ పెట్టుకున్నవాళ్ళు సగటున కాస్త బరువు పెరుగుతారు. ఇది పరిశోధనల్లో తేలిన విషయమే, కానీ మెషిన్ అమ్మేవాడు చెప్పడు, చాలామంది డాక్టర్లు కూడా చెప్పరు. నా వాదన ఈ రెండింటికీ మధ్యలో ఉంది. బరువు గురకను పెంచడం, గురక బరువును పెంచడం రెండూ నిజమే. కానీ రెండు దారులూ ఒకే రకంగా పనిచేయవు. ఆ తేడా తెలియకపోవడం వల్లే జనం డబ్బూ ఓపికా రెండూ పోగొట్టుకుంటున్నారు.

ముందు గొంతులో ఏం జరుగుతుందో చూద్దాం. ముక్కు వెనక నుంచి స్వరపేటిక దాకా ఉన్న దారికి ఎముక ఆసరా లేదు. నాలుక మొదలు, కొండనాలుక, చుట్టూ కండరాలు, అంతే. మెలకువగా ఉన్నప్పుడు ఆ కండరాలు దారిని తెరిచి పట్టుకుంటాయి. నిద్ర పట్టగానే సడలుతాయి. అప్పుడు ఊపిరి లాగితే, తడిసి మెత్తబడ్డ కాగితం స్ట్రాతో గట్టిగా పీల్చినట్టు, గోడలు లోపలికి వంగుతాయి. కొద్దిగా వంగితే అవి అదిరి చప్పుడు చేస్తాయి, అదే గురక. పూర్తిగా అతుక్కుపోతే గాలి ఆగుతుంది. ఛాతీ మాత్రం ఊపిరి కోసం పెనుగులాడుతూనే ఉంటుంది. పది సెకన్లు, ఇరవై, ఒక్కోసారి నిమిషం దాకా. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు భయపడి మనిషిని ఒక్క క్షణం లేపుతుంది, గొంతు తెరుచుకుంటుంది, పెద్దగా ఊపిరి పీల్చి మళ్ళీ నిద్రలోకి జారుకుంటాడు. పొద్దున అడిగితే ఒక్కసారి కూడా లేవలేదంటాడు. ఇదే స్లీప్ అప్నియా.

దీన్లోకి కొవ్వు మూడు చోట్ల నుంచి వస్తుంది. మెడ చుట్టూ పేరుకున్న కొవ్వు బయటి నుంచి నొక్కుతుంది, ఇది అందరూ ఊహించేదే. పొట్టలో పేరుకున్నది వెల్లకిలా పడుకోగానే ఊపిరితిత్తులను పైకి తోస్తుంది. ఊపిరితిత్తుల్లో గాలి తగ్గితే అవి గొంతు గొట్టాన్ని కిందికి లాగి బిగువుగా ఉంచడం కూడా తగ్గుతుంది, గొట్టం వదులై సులువుగా మూసుకుంటుంది. అందుకే మెడ సన్నగా ఉండి బొజ్జ మాత్రమే ఉన్నవాళ్ళకు కూడా ఇది వస్తుంది. మూడోది నాలుక. నాలుక కండలోకి కూడా కొవ్వు చేరుతుందని ఎమ్మారై తీసి చూసేదాకా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్ళు 2020లో ప్రచురించిన అధ్యయనంలో, బరువు తగ్గినవాళ్ళకు అప్నియా ఎందుకు తగ్గిందని వెతికితే, గొంతు భాగాలన్నిటిలోకీ నాలుకలో కొవ్వు తగ్గడమే ముఖ్యమైన కారణంగా కనిపించింది.

ఎంత బరువుకు ఎంత అప్నియా అన్న లెక్క కూడా ఉంది. విస్కాన్సిన్ రాష్ట్రంలో మామూలు ఉద్యోగులను నాలుగేళ్ళ తేడాతో రెండుసార్లు నిద్రలో పరీక్షించారు. 2000లో ఆ ఫలితాలు వచ్చాయి. శరీర బరువు 10 శాతం పెరిగినవాళ్ళలో గంటకు ఊపిరి ఆగే సంఖ్య సగటున 32 శాతం పెరిగింది. 10 శాతం తగ్గినవాళ్ళలో 26 శాతం తగ్గింది. 80 కిలోల మనిషికి 10 శాతమంటే 8 కిలోలు. పెళ్ళయిన పదేళ్ళలో మన మగవాళ్ళు చాలామంది ఇట్టే పెరిగే బరువు అది.

ఇక మా బావగారి సంగతి. తెనాలిలో ఎరువుల కొట్టు. ఐదడుగుల ఆరంగుళాల ఎత్తు. నలభై దాటేసరికి 80 కిలోలు ఉండేవారు, అప్పటికే గురక ఉంది. తర్వాత ఐదారేళ్ళలో 89కి వెళ్ళారు. గురక పెరిగిందని ఎవరూ బాధపడలేదు. పైగా "హాయిగా నిద్రపోతాడు, ఏ చింతా లేని మనిషి" అని మా అమ్మ మెచ్చుకునేది కూడా. మధ్యాహ్నం కొట్లో కుర్చీలోనే తల వాల్చేయడం, నాలుగింటికి టీతో పాటు బజ్జీలు, రాత్రి రెండు మూడుసార్లు బాత్రూముకు లేవడం. షుగరేమోనని పరీక్ష చేయించారు, అంచు మీద ఉందన్నారు. బీపీకి రెండు మాత్రలు వేసుకుంటున్నా దిగడం లేదు. పొద్దున లేచేసరికి నోరు ఎండిపోయి, తల దిమ్ముగా ఉండేది.

రాత్రి బాత్రూముకు లేవడం గురించి ఒక మాట, ఎందుకంటే దీన్ని చూసి దాదాపు అందరూ షుగరనో ప్రోస్టేటనో అనుకుంటారు. గొంతు మూసుకుని ఛాతీ పెనుగులాడేటప్పుడు ఛాతీ లోపల ఒత్తిడి బాగా పడిపోయి గుండె గదుల్లోకి రక్తం ఎక్కువ లాక్కుంటుంది. ఒంట్లో నీరు ఎక్కువైందనుకుని గుండె ఒక హార్మోన్ వదులుతుంది, అది మూత్రపిండాలతో నీరు బయటికి పంపిస్తుంది. అప్నియాకు వైద్యం మొదలెట్టాక చాలామంది మొదట గమనించే మార్పు ఇదే, రాత్రి లేవడం తగ్గిపోతుంది.

అసలు విషయం బయటపెట్టింది మా అక్క. ఒక రాత్రి ఫోనులో వీడియో తీసి పంపి, పొద్దున్నే ఫోను చేసింది. "ఒరేయ్, మీ బావగారి గురక కాదురా నా భయం. మధ్యలో ఆగిపోతోంది చూడు, అదీ." ఆ వీడియోలో ఉన్నది నిజానికి సగం రోగనిర్ధారణ. పెద్ద గురక, తర్వాత పూర్తి నిశ్శబ్దం, ఆ నిశ్శబ్దంలో పొట్ట మాత్రం ఎగసిపడుతూ ఉండడం, చివర్న ఉలిక్కిపడ్డట్టు ఒక పెద్ద ఊపిరి. ఒకే తీరుగా సాగే గురక వేరు, ఇలా ఆగి ఆగి వచ్చేది వేరు. ఇంట్లో ఎవరికైనా అనుమానముంటే ఒక పది నిమిషాల వీడియో, అదీ తెల్లవారుజామున నాలుగు ప్రాంతంలో తీసింది, డాక్టరుకు చాలా పనికొస్తుంది. కలలు వచ్చే నిద్ర ఆ వేళలోనే ఎక్కువ, కండరాలు బాగా సడలేదీ అప్పుడే.

ఇంట్లోనే చేసే స్లీప్ స్టడీ చేయించారు. ముక్కు దగ్గర ఒక గొట్టం, ఛాతీకి బెల్టు, వేలికి ఆక్సిజన్ క్లిప్పు. రిపోర్టులో 6 గంటల రికార్డింగు. పూర్తిగా ఊపిరి ఆగినవి 84 సార్లు, గాలి బాగా తగ్గి ఆక్సిజన్ పడిపోయినవి 114 సార్లు. మొత్తం 198, గంటకు 33. దీన్నే ఏహెచ్ఐ అంటారు. 5 లోపు మామూలు, 15 దాకా స్వల్పం, 30 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. అన్నిటికంటే పొడుగ్గా ఆగింది 52 సెకన్లు, ఆక్సిజన్ దిగిన అట్టడుగు 76 శాతం. వెల్లకిలా పడుకున్నప్పుడు గంటకు 49, పక్కకు తిరిగినప్పుడు 17. ఈ చివరి రెండు సంఖ్యలను చాలామంది చూడరు. కానీ తర్వాత అవే పనికొచ్చాయి.

రిపోర్టు చేతికి వచ్చినవాళ్ళకు ఇంకో జాగ్రత్త. ఇంటి పరీక్ష పరికరానికి మీరు నిద్రపోయారో లేదో తెలియదు, మెదడు తరంగాలు అది కొలవదు. మొత్తం సంఖ్యను రికార్డింగు సమయంతో భాగిస్తుంది. మీరు రెండు గంటలు దొర్లుతూ గడిపినా అదీ లెక్కలోకి వచ్చి ఏహెచ్ఐ తక్కువగా కనిపిస్తుంది. లక్షణాలన్నీ ఉండి ఇంటి పరీక్షలో 4 వచ్చిందంటే, "ఏమీ లేదు" అని సర్దుకోకుండా ఆసుపత్రిలో రాత్రంతా ఉంచి చేసే పరీక్షకు వెళ్ళాలి.

సరే, ఇప్పుడు రెండో దారి. అప్నియా బరువునెలా పెంచుతుంది? ఇక్కడే నాకు జనంతోనూ, కొన్ని ఆరోగ్య పేజీలతోనూ పేచీ. "నిద్ర చెడితే మెటబాలిజం మందగిస్తుంది, అందుకే లావెక్కుతారు" అని రాస్తుంటారు. అప్నియా విషయంలో నిజం దీనికి దాదాపు తలకిందులు. రాత్రంతా మూసుకున్న గొంతుతో పెనుగులాడుతూ, ప్రతి రెండు నిమిషాలకూ అడ్రినలిన్ ఎగసిపడుతూ ఉన్న శరీరం పడుకునే ఎక్కువ కేలరీలు ఖర్చు పెడుతుంది. మరి బరువెలా వస్తుంది? నోటి గుండా వస్తుంది, కుర్చీ గుండా వస్తుంది.

నిద్ర కోత పడితే ఆకలి ఏమవుతుందో షికాగోలో 2004లో చూశారు. 12 మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్ళను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. తర్వాత పదేసి గంటలు పడుకోనిచ్చి పోల్చారు. తక్కువ నిద్రలో, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ హార్మోన్ 18 శాతం తగ్గింది, ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. ఆ కుర్రాళ్ళకు ఆకలి పెరిగింది, అందులోనూ కూరలూ పళ్ళ మీద కాదు, తీపి, ఉప్పు చిరుతిళ్ళు, పిండి పదార్థాల మీద. బావగారి నాలుగింటి బజ్జీలు జిహ్వ చాపల్యం మాత్రమే కాదని నేను నమ్మడానికి ఇదొక కారణం.

కానీ ఒక తేడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. తక్కువ నిద్రా, అప్నియా ఒకటి కావు. అప్నియా ఉన్నవాళ్ళు మంచం మీద ఎనిమిది గంటలు ఉంటారు, నిద్ర ముక్కలు ముక్కలుగా ఉంటుంది. వాళ్ళ రక్తంలో లెప్టిన్ తక్కువగా కాదు, ఎక్కువగా ఉంటుంది. ఒంట్లో కొవ్వు ఎక్కువ కాబట్టి లెప్టిన్ ఎక్కువే తయారవుతుంది, కానీ మెదడు దాన్ని వినడం మానేస్తుంది. లోపల లెక్క వేరైనా, పైకి కనిపించేది ఒకటే: తిన్నా చాలినట్టు ఉండదు. దీనికి ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం తోడవుతుంది, ఆక్సిజన్ పడుతూ లేస్తూ ఉండడం దాన్ని ఇంకా చెడగొడుతుంది.

హార్మోన్ల కంటే పెద్దది మాత్రం పగటి మగత అని నా అభిప్రాయం. బావగారి రోజును అక్కా నేనూ కూర్చుని కాగితం మీద రాశాం. మగత ఆపుకోవడానికి రోజుకు ఐదు టీలు, ఒక్కోదానిలో రెండు చెంచాల పంచదార. పాలతో కలిపి టీకి 90 కేలరీలు వేసుకున్నా 450. గుమాస్తా కుర్రాడు తెచ్చే బజ్జీలు, పునుగులు ఇంకో మూడు వందలు. బస్తాలు సర్దించడం, గోడౌనుకు నడిచి వెళ్ళడం లాంటివి ఒక్కొక్కటే మానేసి కుర్చీకే పరిమితమయ్యారు. పొద్దున నడకకు లేవమని డాక్టరు ఎన్నోసార్లు చెప్పాడు. గంటకు 33 సార్లు ఉలిక్కిపడి లేచిన మనిషి ఐదున్నరకు అలారం మోగితే ఏం చేస్తాడు? ఆపేసి పడుకుంటాడు. చూసేవాళ్ళకు అది బద్ధకం.

అందుకే "ముందు బరువు తగ్గు, తర్వాత చూద్దాం" అన్న వరస నాకు తప్పనిపిస్తుంది. ఏహెచ్ఐ 33 ఉన్నప్పుడు ముందు ఊపిరి సంగతి చూడాలి. దానికి ఇప్పటికీ మొదటి వైద్యం సీపాప్ మెషిన్. సిడ్నీలో కోలిన్ సలివన్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు 1981లో దీన్ని లోకానికి చూపించారు. ముక్కుకు తొడిగిన మాస్కు గుండా గాలి కాస్త ఒత్తిడితో వస్తూ గొంతు గోడలు మూతపడకుండా ఆపుతుంది. అది ఆక్సిజన్ సిలిండరూ కాదు, వెంటిలేటరూ కాదు. మామూలు గది గాలే. బావగారికి ఒత్తిడిని తనే సర్దుకునే రకం ఇచ్చారు, 5 నుంచి 15 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి మధ్య. చాలా రాత్రులు అది 12 దగ్గర నిలబడేది. మొదటి వారం మాస్కు పక్క నుంచి గాలి కారి కళ్ళలోకి కొట్టేది. సైజు మార్చాక, మీసం కత్తిరించాక సర్దుకుంది. కరెంటు పోతే ఆగకుండా ఇన్వర్టరుకు కలిపారు. నెల తిరిగేసరికి మెషిన్ తెర మీద ఏహెచ్ఐ 3 చూపించింది. రాత్రి బాత్రూముకు లేవడం పోయింది, మధ్యాహ్నం కునుకు పోయింది, బీపీ మాత్రల్లో ఒకటి తగ్గించారు.

మూడు నెలలకు తూకం వేస్తే 90 కిలోల 500 గ్రాములు. కిలోన్నర పెరిగారు.

ఆయనకు బాగా కోపం వచ్చింది. "ఇన్ని వేలు పోసి కొన్నది ఇందుకా?" అన్నారు. మెషిన్ అమ్మినవాడు బరువు తగ్గుతారనే చెప్పాడట. నిజానికి ఇది అరుదైన విషయం కాదు. సీపాప్ మీద జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి లెక్కగట్టి 2015లో ప్రచురించారు. మెషిన్ వాడినవాళ్ళు వాడనివాళ్ళ కంటే సగటున అర కిలో దాకా ఎక్కువ బరువున్నారు. ఎందుకో జపాన్‌లో క్యోటో వాళ్ళు 2016లో కొలిచి చూపించారు. మూడు నెలలు సీపాప్ వాడాక, ఊరికే ఉన్నప్పుడు శరీరం ఖర్చు పెట్టే శక్తి రోజుకు సుమారు 75 కేలరీలు తగ్గింది. రాత్రి పెనుగులాట ఆగింది కదా, దాని ఖర్చు మిగిలింది. 75 కేలరీలంటే ఒక చిన్న పుల్కా. తిండి మాత్రం పాత లెక్కలోనే సాగితే ఆ మిగులు ఒంట్లో చేరుతుంది. వాళ్ళలో కూడా బరువు పెరిగింది అందరికీ కాదు. ఎక్కువ తినేవాళ్ళకు, తిండి అలవాట్లు అదుపులో లేనివాళ్ళకు పెరిగింది.

అంటే మెషిన్ చేసేది ఏమిటి? బరువు తగ్గించే ఓపిక చేతికిస్తుంది, తగ్గించదు. ఈ మాట మెషిన్ ఇచ్చిన రోజే చెప్పాలి. దానితో పాటే తిండి చీటీ ఇవ్వాలి, నెలకోసారి తూకం రాసుకోమనాలి. మన దగ్గర ఏమవుతోందంటే, ఊపిరితిత్తుల డాక్టరు మెషిన్ ఇస్తాడు, షుగరు డాక్టరు బరువు గురించి తిడతాడు, ఒకరి కాగితం ఇంకొకరు చూడరు. మొదటి రెండు మూడు నెలల్లో మనిషికి హఠాత్తుగా హుషారు వస్తుంది. పాత టీ, బజ్జీ అలవాటు ఇంకా పోదు. ఆ హుషారును నడకలోకీ తిండిలోకీ మళ్ళించకపోతే అది కాస్తా కొట్టు పనిలోకి పోతుంది. బావగారి విషయంలో అదే జరిగింది, అదనంగా వచ్చిన రెండు గంటలూ ఖరీఫ్ సీజనులో కొట్లోనే ఖర్చయ్యాయి.

ఆ తర్వాత చేసినవి చిన్న పనులే. టీలు ఐదు నుంచి రెండు, పంచదార లేకుండా. రాత్రి పదింటికి ఇంటికొచ్చి తినే భోజనం ఎనిమిదింటికే క్యారియర్లో కొట్టుకు వచ్చింది. అన్నం సగం చేసి పప్పు, గుడ్లు, కూర పెంచారు. ఐదున్నరకు లేవడం ఇప్పుడు కష్టం కాలేదు కాబట్టి నలభై నిమిషాల నడక. ఏడాదికి కాస్త అటూఇటూగా 81 కిలోలకు దిగారు. మెషిన్ లేకుండా ఇంట్లోనే మళ్ళీ ఒక రాత్రి పరీక్ష చేస్తే ఏహెచ్ఐ 22. వెల్లకిలా 35, పక్కకు 9. మెషిన్ ఒత్తిడి 12 నుంచి 9కి వచ్చింది.

89 నుంచి 81 అంటే 9 శాతం తగ్గుదల. ఏహెచ్ఐ మూడో వంతు తగ్గింది, విస్కాన్సిన్ సగటు కంటే కాస్త మెరుగు. అయినా పోలేదు. "అదే పోతుంది" అన్న సలహా ఇక్కడ బోర్లా పడుతుంది. అమెరికాలో షుగరు, ఊబకాయం, అప్నియా మూడూ ఉన్న 264 మంది మీద జరిగిన ప్రయోగంలో, గట్టి తిండి క్రమం, వ్యాయామం పాటించినవాళ్ళు ఏడాదిలో సగటున 10.8 కిలోలు తగ్గారు. అప్నియా పూర్తిగా మాయమైంది వాళ్ళలో 13.6 శాతం మందికే. మామూలు సలహాలతో సరిపెట్టినవాళ్ళలో అది 3.5 శాతం. అంటే బరువు తగ్గడం వల్ల లాభం స్పష్టం, కానీ పదకొండు కిలోలు తగ్గినా ఎక్కువమందికి ఎంతో కొంత మిగిలే ఉంటుంది. మంచి కబురు ఏమిటంటే, తర్వాతి ఏళ్ళలో సగం బరువు తిరిగి వచ్చినా అప్నియాలో వచ్చిన మెరుగు చాలావరకు నిలిచింది. నాలుకలోంచి, పొట్టలోంచి ముందు పోయిన కొవ్వు చివర్న తిరిగి రావడం దీనికి కారణమై ఉండొచ్చన్నది నా ఊహ మాత్రమే.

మిగిలిపోవడానికి కారణం కొవ్వు ఒక్కటే ముద్దాయి కాకపోవడం. చిన్న కింది దవడ, వెనక్కి ఉన్న గడ్డం, పెద్ద టాన్సిల్స్, మూసుకుపోయే ముక్కు, వయసు, రాత్రి పూట మద్యం అలవాటు, నిద్రమాత్రలు. సన్నటి మనిషికి అప్నియా ఉందంటే సాధారణంగా వీటిలో ఒకటి దొరుకుతుంది. మనవాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. కొవ్వు పొట్టలో ముందుగా చేరుతుంది కాబట్టి మనకు ఊబకాయం గీత బీఎంఐ 25 దగ్గరే గీశారు, తెల్లవాళ్ళకు 30. అప్నియా అనుమానం ఉందో లేదో తేల్చే విదేశీ ప్రశ్నల చీటీల్లో బీఎంఐ 35 దాటిందా అని అడుగుతారు. దాన్ని అలాగే వాడితే 28 ఉన్న మన మనిషి ఆ ప్రశ్నలో తప్పించుకుంటాడు. చొక్కా కాలరు 40 సెంటీమీటర్లు దాటడం మనకు దానికంటే పనికొచ్చే గుర్తు. ఆడవాళ్ళ విషయంలో ఇంకా ఘోరం. వాళ్ళు గురక కంటే అలసట, నిద్ర పట్టకపోవడం, తలనొప్పి అని చెప్తారు. థైరాయిడ్ పరీక్ష రాసి పంపేస్తారు. నెలసరి ఆగాక వాళ్ళలో అప్నియా బాగా పెరుగుతుందన్నది గుర్తుంచుకునే వాళ్ళు తక్కువ.

ఇప్పుడు బరువు తగ్గించే ఇంజెక్షన్ల సంగతి అడగనివాళ్ళు లేరు. టిర్జెపటైడ్ అనే మందు మీద 2024లో వచ్చిన ప్రయోగ ఫలితాలు గట్టివే. ఊబకాయంతో పాటు మధ్యస్థ, తీవ్ర అప్నియా ఉన్నవాళ్ళలో, గంటకు 50 దగ్గర మొదలైన సంఖ్య ఏడాదిలో 25 నుంచి 29 దాకా తగ్గింది. ఉత్తుత్తి సూది వేసుకున్నవాళ్ళలో 5 తగ్గింది. ఆ ఏడాది డిసెంబరులో అమెరికా ప్రభుత్వం దీన్ని ఊబకాయంతో ఉన్న అప్నియాకు అనుమతించింది, 2025 మార్చిలో మన దేశంలోనూ షుగరు, బరువు మందుగా అమ్మకానికి వచ్చింది. బరువు దారిన పనిచేసే మందు ఇంత తేడా తేవడం చూస్తే బరువు నుంచి అప్నియాకు వెళ్ళే దారి ఎంత బలమైనదో తెలుస్తుంది. కానీ పైన సంఖ్యలు మళ్ళీ చూడండి. 50 లోంచి 29 పోతే ఇంకా 21 మిగులుతుంది. సూది ఆపితే బరువు తిరిగొస్తుంది. సూది వేసుకుంటున్నాం కదా అని పరీక్ష చేయించకుండా మెషిన్ పక్కన పెట్టేసేవాళ్ళను చూస్తే నాకు టెన్షన్.

బావగారు కూడా అదే మాట మీద ఉన్నారు. 81కి వచ్చాను, గురక సగం తగ్గింది, ఇక మెషిన్ ఎవరికైనా అమ్మేద్దామంటారు. నేను ఒప్పుకోలేదు. గురక చప్పుడు తగ్గడం, ఊపిరి ఆగడం తగ్గడం రెండూ ఒకే వేగంతో తగ్గవు. 22 అంటే ఇంకా మధ్యస్థ అప్నియాయే, బీపీ ఉన్న మనిషి దాన్ని వదిలేయకూడదు. డాక్టరు మధ్యేమార్గం చెప్పాడు. పక్కకు పడుకుంటే 9 కాబట్టి, వెల్లకిలా తిరగకుండా వీపు వెనక గట్టి దిండు పెట్టుకోవడం అలవాటు చేసుకోవాలి. ఇంకో నాలుగైదు కిలోలు తగ్గాలి. అప్పుడు ఆసుపత్రిలో రాత్రి పరీక్ష చేసి 15 లోపు వస్తే, కింది దవడను ముందుకు పట్టి ఉంచే పళ్ళ పరికరం డెంటిస్టు చేత చేయించి, అది పెట్టుకుని ఇంకోసారి పరీక్షించాకే మెషిన్ ఆపే విషయం. అప్పటిదాకా రాత్రికి నాలుగు గంటలు పెట్టుకుంటే చాలనుకోకుండా, పడుకున్నంతసేపూ మాస్కు ఉండాలన్నాడు. ఎందుకంటే బావగారు తెల్లవారుజామున మూడింటికి దాన్ని తీసి పక్కన పెడుతున్నారని మెషిన్‌లోని కార్డు చెప్పేసింది.